నాయనమ్మ తిట్టు

నా భార్య జర్మను దేశపు వనిత. ఆమె మా యింటికి వచ్చిన మూడు దినముల వరకు మా నాయనమ్మ ఆమెను "మీరు" అనియే పిలిచెను. నాలుగవ నాటి రాత్రి ఆమె రెండు ముద్దలు తిని లేవబోగా, నాయనమ్మ నేతిగిన్నెతో అడ్డుపడి, "నీ దుంప తెగ! పిచ్చుక తిండి తింటావేమే? కూర్చో!" అని గద్దించెను.

నా భార్య బెదరి నా వైపు చూచెను. దుంప తెగుట యనగా మొక్క వేరుతో నశించుట. మాటకు మాట చెప్పినచో అది శాపమగును. తిట్టు కోపముదో ముద్దుదో తెలియుటకు చేతిని చూడవలెను. నాయనమ్మ తిట్టుచునే నేయి వడ్డించుచుండెను! కావున, అల్లరి పిల్లలను జర్మనులు ముద్దుగా పిలుచు "ష్లింగెల్" అను మాట చెప్పితిని. మన "భడవా"కు అది దగ్గర చుట్టము.

అసలు విశేషము "ఏమే"లో నున్నది. ఆ పిలుపు ఇంటి పిల్లకు గాని దక్కదు. జర్మను భాషలో పరాయివారిని "జీ" యనియు, అయినవారిని "దూ" అనియు అందురు.

"నాయనమ్మ నిన్నిప్పుడు 'దూ' అన్నది" అంటిని.

ఆమె మరల కూర్చుండి విస్తరి ముందుకు జరుపుకొనెను.

"దానితో ఏమన్నావురా, భడవా?" అని నాయనమ్మ నన్నడిగెను.