మూడు వేలు, మూడు వేలు, మూడు వేలు

సెకండియర్‌లో నా పాత బండి అమ్మకానికి పెట్టా. రేటు 40,000 చెప్పా. 32,000కి తక్కువైతే ఇవ్వకూడదని లోపల గట్టిగా అనుకున్నా. వచ్చినాయన బండి చుట్టూ ఓసారి తిరిగి, "25కి ఇస్తావా?" అన్నాడు. వెంటనే "37" అన్నా. తల అడ్డంగా ఊపాడు. "సరే, 34." ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. "పోనీ, 31!" అనుకున్న గీత దాటేశానని ఆ మాట నోట్లోంచి వచ్చాకే తెలిసింది. చివరికి బండి 28కి పోయింది. హాస్టల్ ఫీజుకి తగ్గిన 4,000 మళ్ళీ నాన్ననే అడగాల్సి వచ్చింది.

పశువుల సంతలో ఏళ్ళ తరబడి బేరాలు చేసిన మామయ్యకి చెప్తే నవ్వాడు. "మూడేసి వేలు మూడుసార్లు తగ్గావు అల్లుడూ. నాలుగోసారీ తగ్గుతావని వాడనుకోడా?"

నిజమే. 40, 37, 34, 31... తర్వాతి అంకె ఏంటో ఎవరైనా చెప్పేస్తారు. 28! అదే మామయ్య పద్ధతిలో అయితే 36, 34, 33, 32,500. ప్రతి మెట్టూ ముందుదాంట్లో సగం. ఎన్నిసార్లు అడిగినా 32 కిందకి దిగదు. మనం మ్యాథ్స్‌లో చదివిన కన్వర్జింగ్ సిరీసే ఇది. కొనేవాడికి లెక్క రాకపోయినా, మెట్లు చిన్నవైపోతుంటే 'ఇక అడుగు దగ్గర పడింది' అని అర్థమవుతుంది.

వేగం విషయంలోనూ దెబ్బతిన్నా. ఆయన 25 దగ్గరే ఉన్నాడు, నేనే మూడుసార్లు దిగా. అంటే నాతో నేనే బేరమాడుకున్నా! మామయ్య అయితే అవతలివాడు కదిలేదాకా కదలడు. చివరి ఐదొందలకి తువ్వాలు దులుపుకొని లేచి, నాలుగడుగులు వేసి మరీ వెనక్కొస్తాడు. అయితే, మొదటి రేటే అన్యాయంగా ఉంటే ఎదుటివాడు రెండో మెట్టు దాకా ఆగడని కూడా చెప్పాడు.

మొన్న రూమ్ అద్దెకి ఇది పనికొచ్చింది. ఓనర్ అంకుల్ 12,000 అన్నారు, మేము 8,000. ఆయన 11,200కి వచ్చాక మేము 9,000. ఆయన 10,800, మేము 9,500. ఆయన 10,600 అన్నారు. 9,750 అనబోతున్న ఫ్రెండ్ కాలు తొక్కి ఆపా. ఆయన తగ్గింపు 800, 400, 200. ఈ లెక్కన 10,400 దగ్గర ఆగిపోతారు. మా మెట్లు 1,000, 500. అలాగే వెళ్తే 10,000 దాటం. అంటే మధ్యలో 400 మిగిలిపోతుంది, ఎవరూ దిగరు. అప్పుడు గట్టిగా ఓ పెద్ద అంకె అనేస్తే అప్పటిదాకా వేసిన చిన్న మెట్లన్నీ అబద్ధమైపోతాయి. అందుకే అద్దె వదిలేసి అడ్వాన్స్ ఎత్తాం. "10,400కి సరే అంకుల్. కానీ రెండు నెలలది కాకుండా ఒక్క నెల అడ్వాన్సే ఇవ్వగలం."

ఆయన కాసేపు గోడకేసి చూశారు. నేను నోరు మూసుకుని కూర్చున్నా. తర్వాత లేచి, తాళం తెచ్చి ఇచ్చారు.