నాలుగు చోట్ల జ్వరం

మొన్న వానల్లో కొడిమ్యాలలో మా ఇంటికి ఫ్లూ జ్వరం వచ్చింది. మంచమెక్కింది మా ఆవిడ. రాత్రి ఎనిమిదింటికి ఆమె నుదుటికి పిస్తోలు వంటి యంత్రం గురిపెట్టాను. 98.8! "జ్వరమే లేదు" అన్నాను.

మా అమ్మ చెయ్యి వేసి, "ఒళ్ళు కాలిపోతున్నది, లేదంటవేంది బిడ్డా?" అంది.

థర్మామీటరు నోట్లో పెడితే 103.4! జగిత్యాలకు కారు మాట్లాడబోతుండగా మంచం పక్కన టీ గ్లాసు కనిపించింది. అప్పుడే వేడిగా తాగిందట. నుదురేమో చెమటతో తడిసి, ఫ్యాను గాలికి చల్లబడి ఉంది. రెండు లెక్కలూ నా తొందరపాటువే!

ఫ్యాను ఆపి, చెమట తుడిచి, అరగంట ఆగాను. థర్మామీటరు కొన నాలిక కింద, వెనుకగా ఓ పక్కకు పెట్టి, కూత వచ్చేదాకా పెదవులు మూయమన్నాను: 101.8. చంకలో కొన చర్మానికే ఆనించి, చెయ్యి ఒంటికి అదిమితే 100.9. చెవి యంత్రం పక్కింటి వారిది. ముందు 100.6 చూపింది, చెవిని పైకి, వెనక్కి లాగి లోపలి దారి తిన్నగా చేస్తే 102.3. నుదురు ఇప్పుడు 101.

"ఒక్క మనిషికి నాలుగు జ్వరాలా?" అంది అమ్మ.

చంకలో అందేది చర్మపు వేడి; నోటికంటె ఇంచుమించు ఒక డిగ్రీ తక్కువ. చెవి యంత్రం కర్ణభేరి వేడిని చూస్తుంది కనుక కాస్త ఎక్కువ. అయితే ఈ తేడా అందరికీ ఒక్కలా ఉండదు, అందుచేత ఏదీ కలపకుండా "నోరు, 101.8, రాత్రి 8-40" అని రాసి, మాత్ర వేసిన వేళ కూడా పక్కనే రాశాను. ఆయాసం లేదు, నీళ్ళు తాగుతోంది, కారు మానుకొన్నాను. తర్వాత ఎప్పుడు చూసినా అదే థర్మామీటరు, అదే నోరు.

మూడోనాటి సాయంత్రం 98.9. అమ్మ ఆ కాగితం చూడనైనా చూడలేదు. కోడలి నుదుటి మీద చెయ్యి వేసి, టీ పెట్టటానికి లేచింది.