డ్యూస్ దగ్గర లెక్క

మొగుడంపల్లిలో కూర్చుని సానియా మీర్జా పాత డబుల్స్ మ్యాచ్ చూస్తుంటే ఈ లెక్క తట్టింది. సర్వీస్ మీద పాయింటు గెలిచే అవకాశం 60% అనుకోండి. డ్యూస్ దగ్గర వరుసగా రెండు గెలిస్తే (36%) గేమ్ మనదే. చెరొకటి గెలిస్తే (48%) మళ్లీ డ్యూసే. అంటే D = 0.36 + 0.48 D, డ్యూస్ నుంచి గెలుపు 69%. అక్కడి నుంచి ఒక్కో స్కోరుకూ వెనక్కి లెక్కేస్తూ 0-0 దాకా వస్తే గేమ్ అవకాశం 73.6%.

టూర్ డబుల్స్‌లో డ్యూస్ అయితే ఒక్క పాయింటుతోనే తేలిపోతుంది. D 60%కి పడుతుంది, గేమ్ 71% అవుతుంది.

సెట్టుకూ ఇదే పద్ధతి, అవతలివాళ్ల సర్వీసు కూడా కలపాలంతే. సెట్టు 60% అయితే మూడు సెట్ల మ్యాచ్ 65%.

ప్రతి పాయింటుకూ అవకాశం ఒకటేనన్న ఊహ మీదే ఇదంతా. బ్రేక్ పాయింట్ దగ్గర చెయ్యి వణికిందా, లెక్క కాస్త తప్పుతుంది.