రెజ్యూమెలో ఆ ఒక్క ఏడాది

ఫ్రెషర్ రెజ్యూమెలో అన్నిటికన్నా చిన్న గడి ‘ఇయర్ ఆఫ్ పాసింగ్’. నాలుగంటే నాలుగే అంకెలు. కానీ సప్లీలు రాసి ఆలస్యంగా బయటపడ్డవాళ్లకి సరిగ్గా అక్కడే చెయ్యి ఆగిపోతుంది.

మా ఆఫీసు రుషికొండ వైపు. ఫ్రెషర్లని తీసుకునే రోజుల్లో నన్నూ ప్యానెల్లో కూర్చోబెడుతుంటారు. అందుకని బంధువుల్లో ఎవరు రెజ్యూమె రాసినా ముందు నాకే వాట్సాప్ చేస్తారు. అలా కిందటేడాది వచ్చినవాటిలో గాజువాకలో ఉండే మా పిన్ని కొడుకుది ఒకటి. జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ కాలేజీలో 2020లో సీఎస్‌ఈలో చేరాడు. లెక్క ప్రకారం 2024లో బయటికి రావాలి. 1-2లో మాథ్స్, 2-2లో ఎఫ్‌లాట్, మూడో ఏడాదిలో కంపైలర్ డిజైన్ పోయాయి. మొదటి రెండూ చదువుతుండగానే క్లియర్ చేశాడు. కంపైలర్ డిజైన్ మాత్రం 2025 సప్లిమెంటరీలో తేలింది. రెజ్యూమెలో మాత్రం ‘2020–2024’ అని ఉంది.

ఎందుకలా రాశావురా అంటే, “కన్సల్టెన్సీ ఆయన అలాగే రాయమన్నాడు అన్నయ్యా. 2025 అని పెడితే ఎవరూ పిలవరట” అన్నాడు. పక్కనుంచి బాబాయ్ అందుకున్నారు. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేస్తారు. “అందరూ రాసేదే కదరా, ఒక్క అంకె. ఉద్యోగం వచ్చాక ఎవడు చూస్తాడు?”

చూస్తారు. ఎక్కడ చూస్తారో వాడికి ఒక్కొక్కటే చూపించాను.

మొదటిది రోల్ నంబర్. జేఎన్‌టీయూ హాల్‌టికెట్ నంబర్లో మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం. వాడిది 20తో మొదలవుతుంది. తర్వాత కాలేజీ కోడ్, ఆపైన 1A ఉంటే మామూలు అడ్మిషన్, 5A ఉంటే డిప్లొమా నుంచి లేటరల్ ఎంట్రీ, ఆ తర్వాత బ్రాంచి. అంటే ఎప్పుడు చేరాడో, ఎప్పటికి అయిపోవాలో ఆ నంబరే చెప్పేస్తుంది. రెండోది ప్రొవిజనల్ సర్టిఫికెట్. డిగ్రీ ఏ సంవత్సరం పరీక్షలతో పాసయ్యాడో దాని మీద ఉంటుంది. మూడోది సెమిస్టర్ మెమోలు. సప్లీ రాసిన ప్రతిసారీ ఆ పరీక్ష నెల, సంవత్సరంతో వేరే మెమో వస్తుంది. ఆఫర్ ఇచ్చిన కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లకి అడిగేవి ఈ కాగితాలే. అవసరమైతే వాటిని యూనివర్సిటీకి పంపి సరిచూసుకుంటారు.

ఈ పని ఒక్కోసారి చేరకముందే అయిపోతుంది, ఒక్కోసారి చేరిన రెండు మూడు నెలలకి అవుతుంది. ఆ రెండోదే ప్రమాదం. హైదరాబాద్‌లో గది అద్దెకి తీసుకుని, అడ్వాన్స్ కట్టి, ట్రైనింగ్‌లో కూర్చున్నాక ‘మీరు చెప్పిన సంవత్సరం, సర్టిఫికెట్ మీద సంవత్సరం వేరుగా ఉన్నాయి’ అని మెయిల్ వస్తే చెప్పడానికి ఏమీ ఉండదు. తప్పుడు వివరాలిస్తే ఉద్యోగం రద్దు చేస్తామనే వాక్యం ఆఫర్ లెటర్లలో మామూలుగానే ఉంటుంది. అప్పుడు చర్చ కంపైలర్ డిజైన్ గురించి కాదు, అబద్ధం గురించి.

అలాగని రెజ్యూమె నిండా సప్లీల చరిత్ర రాయమని నేను చెప్పను. ఈ రెండిటి మధ్యే చాలామంది తికమక పడతారు. రెజ్యూమె మీరు రాసుకునే కాగితం. అందులో ఏం పెట్టాలో మీ ఇష్టం, పెట్టింది మాత్రం నిజం అయ్యుండాలి. అప్లికేషన్ ఫారం వాళ్లు అడిగే కాగితం. అక్కడ అడిగిన ప్రశ్నకి అడిగినంత జవాబు ఇవ్వాల్సిందే.

వాడి రెజ్యూమెలో చదువు వరస ఇలా మార్చాం: ‘బీటెక్, సీఎస్‌ఈ. చేరిన సంవత్సరం 2020, పాసైన సంవత్సరం 2025. సీజీపీఏ 6.9. పెండింగ్ సబ్జెక్టులు లేవు.’ అంతే. ఏ సబ్జెక్టు పోయింది, ఎన్నిసార్లు రాశాడు, ఇంట్లో ఏం జరిగింది అన్నవి లేవు. చూసేవాడికి ఐదేళ్లు పట్టిందని తెలుస్తుంది, ఇప్పుడు డిగ్రీ చేతిలో ఉందనీ తెలుస్తుంది. ఏడాది రాయకుండా వదిలేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. ప్యానెల్లో కూర్చున్నవాడిగా చెప్తున్నా, సంవత్సరం లేని రెజ్యూమె చూస్తే మొదటి ప్రశ్న దాని గురించే వస్తుంది.

ఆ 6.9 దగ్గర ఇంకో చిక్కు. ముందు రెజ్యూమెలో దాన్ని 69 శాతం అని రాసుకున్నాడు. సీజీపీఏని పదితో గుణించేయడం మనవాళ్లకి అలవాటు. కానీ ఏఐసీటీఈ ఇచ్చిన పట్టికలో 6.75 అంటే 60 శాతం, 7.75 అంటే 70 శాతం. సూత్రంగా చెప్పాలంటే `(CGPA - 0.75) × 10`. ఆ లెక్కన 6.9 అంటే 61.5 శాతమే. మీ యూనివర్సిటీ మీ బ్యాచ్ రెగ్యులేషన్‌లో వేరే సూత్రం ఇచ్చి ఉంటే అదే వాడాలి. 60 శాతం కటాఫ్ పెట్టే కంపెనీల దగ్గర ఈ తేడా చిన్నది కాదు. 6.5 వచ్చినవాడు 65 అని రాసి లోపలికి వెళ్తాడు, ఈ పట్టిక ప్రకారం లెక్కేస్తే 57.5 తేలుతుంది. అడిగింది సీజీపీఏ అయితే సీజీపీఏనే ఇవ్వడం మేలు.

ఇక ఫారాలు. వాటిలో ప్రశ్న ఎలా ఉందో రెండుసార్లు చదవాలి. `Active Backlogs` అంటే ఇవాళ్టికి పాసవ్వాల్సినవి ఎన్ని అని. మా వాడి జవాబు సున్నా, అది పూర్తిగా నిజం. `History of Backlogs` అని అడిగితే ఎప్పుడైనా పోయినవి ఎన్ని అని అర్థం. అక్కడ మూడు అనే రాయాలి. మొదటి ప్రశ్నకి మూడు అని రాసి అనవసరంగా పక్కకి పోయినవాళ్లున్నారు, రెండో ప్రశ్నకి సున్నా అని రాసి తర్వాత దొరికిపోయినవాళ్లూ ఉన్నారు. `Year of Passing` అన్నచోట బ్యాచ్ సంవత్సరం కాదు, ప్రొవిజనల్ మీద ఉన్న సంవత్సరం రాయాలి. మా వాడి వాట్సాప్ గ్రూపులో అందరూ తమని ‘2024 బ్యాచ్’ అనే చెప్పుకుంటారు, అందులో తప్పేమీ లేదు. ఫారానికి మాత్రం ఆ మాట చెల్లదు.

నిజం రాస్తే కొన్ని తలుపులు మూసుకుంటాయి. ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. టీసీఎస్ గత కొన్నేళ్లుగా ఫ్రెషర్లకి పెడుతున్న అర్హతలే చూడండి. పరీక్ష రాసేటప్పటికి ఒక్క బ్యాక్‌లాగ్ దాకా ఒప్పుకుంటారు, కానీ కోర్సుకి నిర్ణయించిన కాలంలోపే అన్నీ పూర్తవ్వాలంటారు. నాలుగేళ్ల కోర్సు ఐదో ఏడు పూర్తి చేసినవాడికి ఆ షరతు దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి నిబంధన ఉన్నచోట ఎంత బాగా రాసినా లాభం లేదు. ప్రకటనలో అర్హతలు ముందే చదివి, అవి వదిలేసి, ‘డిగ్రీ పూర్తయి ఉండాలి’ అని మాత్రమే అడిగేవాళ్ల మీద టైం పెట్టాలి. మా వాడు చూసుకున్న ఇరవై ప్రకటనల్లో తొమ్మిది ఇలా పక్కకి పోయాయి. ఆ రోజు బాబాయ్ మొహం చూడలేకపోయాను.

మిగిలింది ఖాళీగా కనబడే ఆ ఏడాది. మా వాడు నిజానికి ఖాళీగా లేడు. పోర్టు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో డేటా ఎంట్రీ చేశాడు. రెజ్యూమెలో అది రాయనేలేదు! “సాఫ్ట్‌వేర్ కాదు కదన్నయ్యా” అన్నాడు. ఏం చేసేవాడివిరా అని గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. రోజూ కంటైనర్ నంబర్లు ఎక్సెల్‌లో ఎక్కించాలి. కంటైనర్ నంబర్లో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక చెక్ డిజిట్ ఉంటాయి. ముందున్న పదిటినీ ఒక పద్ధతిలో లెక్కేస్తే ఆ చివరి అంకె రావాలి. రాకపోతే టైపింగ్‌లో ఎక్కడో పొరపాటు ఉన్నట్టు. ఆ లెక్కని వాడు పైథాన్‌లో రాసుకుని, సాయంత్రం షీట్ పంపేముందు తప్పు నంబర్లు పట్టుకునేవాడు.

దాన్ని ఉన్నది ఉన్నట్టే రాశాం. హోదా: డేటా ఎంట్రీ ఆపరేటర్. కాలం: మొదలైన నెల నుంచి చివరి నెల దాకా. పని: కంటైనర్ నంబర్లు నమోదు చేయడం, చెక్ డిజిట్‌తో తప్పులు పట్టే చిన్న పైథాన్ ప్రోగ్రాం సొంతంగా రాసి వాడటం. హోదాని ‘సాఫ్ట్‌వేర్ డెవలపర్’ అని పెంచలేదు, ఎందుకంటే రేపు ఆ ఆఫీసుకి ఫోన్ చేస్తే వాళ్లు చెప్పేది ఆపరేటర్ అనే. జీతం బ్యాంకులో పడింది కాబట్టి స్టేట్‌మెంట్ ఉంది. ఓనర్ దగ్గర లెటర్‌హెడ్ మీద ఒక అనుభవ పత్రం తీసుకోమన్నాను.

ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలన్నది కూడా ముందే అనుకున్నాం. మూడు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఎప్పుడు పూర్తయింది, ఈలోగా ఏం చేశాను. “ఒక సబ్జెక్టు మిగిలిపోవడంతో డిగ్రీ 2025లో పూర్తయింది సార్. ఇప్పుడు పెండింగ్ ఏమీ లేవు. ఆ ఏడాది పోర్టు దగ్గర ఆఫీసులో పని చేశాను” అని ఆపేయాలి. పేపర్ కష్టంగా ఇచ్చారు, వాల్యుయేషన్ బాలేదు అని మొదలుపెడితే అవతలివాళ్లకి వినిపించేది సాకు. నేను ప్యానెల్లో ఉంటే అడిగే తర్వాతి ప్రశ్న ఒక్కటే, ఆ సబ్జెక్టు ఇప్పుడు వచ్చా అని. అందుకే కంపైలర్‌లో లెక్సికల్ అనాలిసిస్, పార్సింగ్ అంటే ఏమిటో వాడిచేత మళ్లీ చెప్పించాను. పోయిన సబ్జెక్టులో మొదటి రెండు ప్రశ్నలకి జవాబిస్తే ఆ మాట అక్కడితో ముగుస్తుంది.

ఇంకా సప్లీ మిగిలి ఉన్నవాళ్లు ‘పాసైన సంవత్సరం’ అని ఏదీ రాయకండి. ‘కోర్సు వర్క్ పూర్తయింది, ఒక సబ్జెక్టు మిగిలింది’ అని రాయండి. పరీక్ష రాసేసి ఉంటే ‘ఫలితం రావాలి’ అని చేర్చండి. ఫలితం వచ్చిన రోజే మార్చండి, అప్పటికే అప్లై చేసినచోట్లకీ కొత్తది పంపండి.

మా వాడికి మూడు నెలలు పట్టింది. రెండుచోట్ల ‘ఐదేళ్లా?’ అని అడిగి మళ్లీ పిలవలేదు. మూడోచోట, షిప్పింగ్ వాళ్లకి సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీలో, చెక్ డిజిట్ లెక్క బోర్డు మీద వేసి చూపించమన్నారు. అర్ధగంట దాని మీదే మాట్లాడారట. జీతం పెద్ద కంపెనీల కంటే తక్కువే. వెరిఫికేషన్‌కి పది, ఇంటర్, అన్ని సెమిస్టర్ మెమోలు, సప్లీవి కూడా తేదీల వరసలో పెట్టి ఒకే పీడీఎఫ్‌గా పంపాడు. వాళ్ల నుంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు.