మూడు ఫొటోలు, ఒక అగ్గిపెట్టె

సంక్రాంతి దాటాక మా సవర గూడేల నుంచి చాలామంది పల్లపు ఊళ్లకు చెరకు నరికే కూలికి పోతారు. చెరకు తోట పైకి పంటే గాని లోపల అది చిన్న అడవి. ఎలుకలు, ముంగిసలు, నక్కలు, అడవిపిల్లులు అందులో కాపురం ఉంటాయి. కత్తి ఆ గుబురు దాకా వచ్చేసరికి పెద్దవి పారిపోతాయి, పిల్లలు మిగిలిపోతాయి. అప్పుడు ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. "పులిపిల్లలు దొరికాయి" అన్న మాట ఫొటో కంటే ముందే ఊరు చేరుతుంది.

రెండేళ్ల కిందట అలాంటి ఫొటో ఒకటి నాకూ వచ్చింది. మా బడిలో ఏడో తరగతి చదివే పిల్లాడి తండ్రి పంపాడు. మెడ దగ్గర పట్టుకుని ఎత్తిన ఒక పిల్ల, వెనకాల నలుగురి కాళ్లు. ముఖం మసకగా ఉంది, తోక చేతి వెనక దాగిపోయింది. ఆ ఫొటో చూసి అది ఫలానా జంతువని ఎవరూ చెప్పలేరు. ఒళ్లంతా మచ్చలు, చారలు కలగలిసి ఉంటే చిరుత అనిపిస్తుంది, అడవిపిల్లి అనిపిస్తుంది, ఊరిపిల్లి కూడా అనిపిస్తుంది.

నేను వెంటనే ఫోన్ చేసి, "దాన్ని దొరికిన చోటే కింద పెట్టన్నా. మూడు అడుగులు వెనక్కి జరిగి మూడు ఫొటోలు తియ్యి" అన్నాను. ఒకటి చెవులు కనబడేలా ముఖం. రెండోది తోక చివరిదాకా వచ్చేలా పక్కనుంచి. మూడోది పిల్లలు పడుకున్న చోటు మొత్తం. ఫ్లాష్ వెయ్యొద్దన్నాను. పక్కన అగ్గిపెట్టె పెట్టమన్నాను. అగ్గిపెట్టె పొడవు సుమారు ఐదు సెంటీమీటర్లు. అది పక్కన ఉంటే ఫొటో చూసేవాళ్లకు పిల్ల ఎంతుందో తెలుస్తుంది.

రెండోసారి వచ్చిన ఫొటోల్లో విషయం తేటపడింది. మూడు పిల్లలు. కళ్లు తెరిచాయి. ఒళ్లు ఇసుక రంగు, దాని మీద పలచని చారలు. కాళ్ల మీద అడ్డగీతలు. చెవులు నిక్కగా, కొస తేలి ఉన్నాయి. తోక పొట్టిగా, చివర నల్లగా, దానికి ముందు నల్లని వలయాలతో ఉంది. ఇవి అడవిపిల్లి గుర్తులు. పెరిగే కొద్దీ ఒంటి మీది చారలు మాసిపోతాయి, తోక వలయాలు మాత్రం ఉండిపోతాయి.

చిరుతపులి పిల్ల వేరు. పుట్టినప్పటి నుంచే దాని ఒంటినిండా నల్లమచ్చలు దగ్గర దగ్గరగా ఉంటాయి. చెవులు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. పాదాలు ఒంటికి మించి లావు. తోక బాగా పొడవు. సైజు ఒక్కటే చూస్తే మోసపోతాం. చిరుత పిల్ల పుట్టినప్పుడే సుమారు అర కిలో తూగుతుంది, అడవిపిల్లి కూన అంతకంటే చాలా చిన్నది. కాబట్టి సైజును కళ్లతో కలిపి చూడాలి. కళ్లు ఇంకా తెరవని పిల్ల బాగా ఎదిగిన పిల్లికూనంత ఉంటే చిరుత అని అనుమానించాలి. అప్పుడు ఫొటోల కోసం కూడా ఆగకూడదు. తల్లి దగ్గరలోనే ఉండొచ్చు. మనుషులంతా గుంపుగా, నిదానంగా బయటికి వచ్చేసి అటవీ శాఖకు చెప్పాలి. ఎవరి నంబరూ లేకపోతే 112.

అడవిపిల్లి కూననూ ఊరిపిల్లి కూననూ విడదీయడం ఫొటోలో ఒక్కోసారి కుదరదు. ఒంటి మీద తెల్లని పట్టీలు, పొడవాటి తోక ఉంటే ఊరిపిల్లి అనుకోవచ్చు. అనుమానం మిగిలితే అడవిదనే అనుకుని నడుచుకోవాలి.

ఫొటో చెప్పలేనిది ఇంకొకటుంది. తల్లి బతికుందా లేదా అన్నది. పిల్లలు ఒంటరిగా కనబడితే అనాథలని అనుకుంటాం. కాని తల్లి వేటకు పోయి ఉంటుంది, లేదా కత్తుల చప్పుడుకు పక్క గట్టు చాటున నక్కి ఉంటుంది. పిల్లలు బొద్దుగా, శుభ్రంగా, దెబ్బలు లేకుండా ఉంటే తల్లి ఉందనే లెక్క. ఒళ్లు చల్లబడి, ఈగలు ముసిరి, పొట్టలు వీపుకంటి ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

ఆ ఫొటోలు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు పంపాలన్నాను. తోటలో ఉన్నవాళ్లు వెనకాడారు. వాళ్ల భయం నాకు తెలుసు. పోడు గొడవలు చూసిన మనవాళ్లకు ఖాకీ బట్టలంటే కేసే గుర్తొస్తుంది. "మేమే పట్టుకున్నామని రాసేస్తే?" అన్నాడు పిల్లాడి తండ్రి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ విషయంలో చెప్పేది తెలుసుకోవాలి. అడవి జంతువును పట్టడం, ఉంచుకోవడం నేరం. అది ఎలాగో మన చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషన్‌కు గాని, అధికారం ఉన్న అధికారికి గాని చెప్పాలి. అంటే చెప్పినవాడికి కాదు ముప్పు, దాచినవాడికి. చోటు, సమయం తెలిసే ఫొటో కూలివాడి పక్షాన సాక్ష్యం.

ఇలా రాసి పంపించాం: "చెరకు తోటలో అడవిపిల్లి కూనలు మూడు. ఉదయం పదింటికి చూశాం. కళ్లు తెరిచాయి, దెబ్బల్లేవు. తల్లి కనబడలేదు. తీసిన చోటే పెట్టాం. ఏం చెయ్యమంటారు?" దానికి లొకేషన్ జోడించాం. ఊరి గ్రూపుల్లో పెట్టొద్దని చెప్పాను. అక్కడ పెడితే జనం పోగవుతారు, కొనేవాళ్లు కూడా వస్తారు.

ఆయన ఆ గుబురును రెండు రోజులు నరక్కుండా వదిలెయ్యమని, కుక్కల్ని రానివ్వొద్దని, పిల్లలకు ఏమీ పెట్టొద్దని చెప్పాడు. రైతు ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున్న ఒక్క పిల్లే ఉంది. ఆ మర్నాడు అదీ లేదు. రక్తం, బొచ్చు ఎక్కడా పడలేదు. తల్లి నోట కరుచుకుని ఒక్కొక్కటినీ మార్చింది.

మహారాష్ట్రలో పుణె జిల్లా జున్నర్ చెరకు తోటల్లో చిరుత పిల్లల విషయంలోనూ ఇదే పద్ధతి. అటవీ శాఖవాళ్లు, వన్యప్రాణి వైద్యులు పిల్లల్ని పరీక్షించి, చీకటి పడేవేళ దొరికిన చోటే పెట్టెలో ఉంచి దూరంగా కెమెరా పెడతారు. చాలాసార్లు తల్లి వచ్చి తీసుకుపోయింది. అన్నిసార్లూ అలా కుదరదు. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పెద్దపులి పిల్లలు దొరికాయి. తల్లితో కలపాలని అటవీ శాఖ రోజుల తరబడి ప్రయత్నించినా ఫలించలేదు. చివరికి వాటిని తిరుపతి జూకు తరలించారు.

దెబ్బ తగిలితే దారి మారుతుంది. కత్తి గాయమో, విరిగిన కాలో ఉంటే దాన్ని దగ్గరగా ఇంకొక ఫొటో తీసి, వీలైనంత త్వరగా బీట్ ఆఫీసర్‌కు పంపాలి. ఆయన అందకపోతే సెక్షన్ ఆఫీసర్, తర్వాత రేంజర్. పశువైద్యుణ్ని పిలవాలా, విశాఖపట్నం ఇందిరాగాంధీ జూకు పంపాలా అన్నది వాళ్లు తేలుస్తారు. 1962 బండి పశువుల కోసం పెట్టినది, అడవి జంతువుకు అటవీ శాఖ ద్వారానే పోవాలి. వాళ్లు వచ్చేదాకా గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకట్లో, చప్పుడు లేనిచోట ఉంచాలి. ఆవుపాలు పొయ్యకూడదు, విరేచనాలు పట్టుకుంటాయి. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుడ్డ చుట్టిన చేత్తోనే తియ్యాలి. కరిచినా, గీరినా సబ్బుతో పావుగంట కడిగి, అదేరోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోవాలి.

మా బడి గోడమీద ఇప్పుడు ఆ ముగ్గురు అధికారుల నంబర్లు ఉన్నాయి. బదిలీలు అవుతుంటాయి కనుక ఏటా జూన్‌లో పిల్లలే ఫోన్ చేసి సరిచూస్తారు. 2022లో సీతంపేట శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. పాత జిల్లా పేరుతో రాసుకున్న నంబర్లు మీ బడిలోనూ ఉంటే ఈ వారమే ఒకసారి మోగించి చూడండి.