రొట్టె కార్డు మీద ఏం రాయాలి?

మా పిన్ని వాళ్ల ఇల్లు భూదాన్ పోచంపల్లిలో ఉంటుంది. ఒకప్పుడు నల్గొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి. ఇక్కత్ చీరల వల్ల మీకు ఆ ఊరి పేరు తెలిసే ఉంటుంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. టూరిస్టులు పొద్దున వచ్చి మగ్గాలు చూసి, చీరలు కొనేసరికి ఆకలేస్తుంది. పిన్ని వంట క్లాసు ఆ ఆకలి దగ్గరే మొదలైంది. సెలవుల్లో నేను అక్కడ ట్రాన్స్‌లేటర్‌ని.

క్లాసు మూడు గంటలు, పదకొండు నుంచి రెండు దాకా. ఒక బ్యాచ్‌కి ఆరుగురే. చేసేవి మూడు: సర్వపిండి, జొన్నరొట్టె, పచ్చిపులుసు. చేసింది అందరూ కలిసి కూర్చుని తింటారు.

ముందు సర్వపిండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి ముద్ద చేస్తారు. నూనె రాసిన సర్వ లోపల ఆ ముద్దను పల్చగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచుతారు. అంచులు కాస్త మందమైనా, బొక్కలు వంకరపోయినా రుచికి ఏమీ కాదు. మొదటి గంటలోనే ప్రతివాళ్లకీ ఒకటి బాగా వస్తుంది, భయం పోతుంది. ఒక్కటే చిక్కు: వేడి గిన్నెలో రెండోసారి పిండి ఒత్తలేం, చెయ్యి కాలుతుంది. అందుకే పిన్ని ఆరుగురికీ ఆరు గిన్నెలు పెట్టింది. ఒకటే గిన్నె ఉంటే అది చల్లారేదాకా ఆగుతూ క్లాసంతా అక్కడే అయిపోయేది.

అసలు పరీక్ష జొన్నరొట్టె. గోధుమపిండిలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు. చన్నీళ్లతో కలిపితే పిండి ఒకదానికొకటి పట్టుకోదు. మసిలే నీళ్లు పోస్తే పిండిలోని స్టార్చ్ ఉబ్బి జిగి వస్తుంది. ఆ జిగే రొట్టెను పట్టి ఉంచేది. కలిపి, అరచేతి మడమతో బాగా మర్దించి, పొడిపిండి చల్లిన పీట మీద గుండ్రంగా తిప్పుతూ కొట్టాలి. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు రాసి, ఆ తడి ఆరగానే తిప్పాలి. ఆలస్యమైతే పగుళ్లు వస్తాయి, ఆరకముందే తిప్పితే పెనానికి అంటుకుంటుంది.

"నీళ్లు ఎన్ని?" అని అందరూ అడుగుతారు. పిన్ని జవాబు: "పిండి అడిగినన్ని పోయాలె." నేను దాన్ని ఇంగ్లిష్‌లోకి ఎలా మార్చాలి? కప్పు పిండికి ముప్పావు కప్పు అని చెప్పి ఊరుకునేవాణ్ణి. పోచంపల్లిలో అది సరిపోయేది, ఎందుకంటే పిండి ముందురోజే గిర్నీలో పట్టించింది.

పోయిన ఏడాది ఒక విదేశీ ఆంటీ క్లాసులో మూడు రొట్టెలు చక్కగా చేసింది. ఇంటికెళ్లాక ఫొటో పంపింది: రొట్టె నాలుగు ముక్కలు. కొలతలు అవే, నీళ్లు మసిలినవే. పిన్ని ఫొటో చూసి, "పిండి ఎప్పటిదో అడుగు బిడ్డా" అంది. సూపర్ మార్కెట్ ప్యాకెట్, పట్టించి ఎన్ని నెలలైందో తెలియదు. జొన్నపిండి పాతబడితే జిగి తగ్గుతుంది, చేదు కూడా వస్తుంది. ఇన్‌పుట్ మారితే పాత కొలత పనిచేయదని మా ల్యాబ్‌లో రోజూ చూసేదే.

అప్పట్నించి గెస్టులు ఇంటికి తీసుకెళ్లేవి మారాయి. ఒకటి, అరకిలో జొన్నపిండి, సంచి మీద పట్టించిన తేదీతో. రెండు వారాల్లో వాడేయాలి అని కూడా రాస్తాం. రెండు, వాళ్లు చేసిన సర్వపిండిలో ఒక ముక్క, దారిలో తినడానికి. మూడు, ఒక కార్డు.

ఆ కార్డు రాసే పని నాది. మొదటి లైన్‌లో కొలతలున్నాయి, కానీ మిగతాదంతా గుర్తులే. పిడికెడు ముద్దను అరచేతుల మధ్య నొక్కు. అంచులు పగిలితే ఇంకో చెంచా వేడినీళ్లు పోసి మళ్లీ మర్దించు. చేతికి అంటుకుంటే పొడిపిండి చల్లు. రెండుసార్లు నీళ్లు పోసినా పగిలితే పిండి పాతది. దాన్ని రొట్టెకు వాడొద్దు, అంబలి కాచుకో. చేదుగా ఉంటే అంబలికీ వద్దు, పారెయ్యి.

పిన్నికి కార్డంతా చదివి వినిపించా. "మంచిగుంది గానీ, చిన్న రొట్టెతో మొదలుపెట్టమని రాయలే" అంది. నిజమే, కొత్తచేతికి అరచేయంత రొట్టె చాలు, పెద్దదైతే ఎత్తేటప్పుడే విరుగుతుంది. ఆ లైన్ ఇప్పుడు కార్డులో అన్నిటికంటే పైన ఉంది.