వేదికకు దారి

గత ఆదివారము మా సంఘమున వినిన ప్రసంగము ఇంకను నా మనస్సును వీడలేదు. బోధకుడు లేవీయకాండము 21వ అధ్యాయమును తెరచి, అహరోను సంతతిలో అంగవైకల్యము గలవాడు పరిశుద్ధాహారమును భుజింపవచ్చును గాని బలిపీఠమును సమీపింపరాదన్న కఠినవిధిని దాటవేయక చదివి, నపుంసకునికిని అన్యునికిని మందిరద్వారము తెరచిన యెషయా 56వ అధ్యాయమును దాని ప్రక్కన నిలిపి, మన సంఘములు నేటికిని మొదటి పుటయందే ఆగియున్నవని బాధతో పలికెను. ప్రభురాత్రి భోజనమును అంగవైకల్యము గలవారు కూర్చున్నచోటికే తెచ్చి ఇత్తుము. రొట్టె విరుచుటకు మాత్రము వారిని పిలువము.

ఆ మాటకు మా మందిరమే సాక్ష్యము. ద్వారమునొద్ద వాలుదారి కలదు, కాని వేదికకు ఆరేసి అంగుళముల మెట్లు మూడు. అడుగు ఎత్తునకు 12 అడుగుల నిడివి యుండినగాని చక్రాల కుర్చీ సుఖముగా ఎక్కదు గనుక, ఆ 18 అంగుళములకు 18 అడుగుల దారి కావలెను. అంత చోటు మాకు లేదు. నిటారుగా కట్టినచో వెనుకనుండి నెట్టువాడు అవసరమగును, అప్పుడు చక్రాల కుర్చీలోనున్న సంఘపెద్ద మరల పరాధీనుడే. బల్లను, వాక్యపీఠమును నేలమీదికి దింపుటయే నాకు తోచిన మేలైన ఉపాయము. దృష్టిలేని సోదరునికి పాఠమును ముందువారమే బ్రెయిలులో అందజేసినచో, వ్రేళ్లతో చదివి ఆయనే ఆరాధనను నడుపగలడు. వచ్చు కమిటీ సమావేశమున ఈ రెంటిని నేను ప్రతిపాదింపబోవుచున్నాను.